బావగారి జలుబు, ఆ మూడు మాత్రలు

అక్కా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. బావగారికి జలుబు మొదలైన మూడో రోజున బ్రాడీపేటలో ఏదో మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇచ్చిన అజిత్రోమైసిన్ 500 అనే యాంటీబయాటిక్ స్ట్రిప్పు అది. వెనక నిలువుగా ఎర్రగీత కనిపిస్తోంది చూడు, డాక్టరు రాస్తేనే వాడాల్సిన మందని దాని అర్థం. మూడింటిలో ఒకటి వేసుకున్నారు, మిగతా రెండూ వేసుకోవాలా అని అడిగావు. వేసుకోనక్కర్లేదు. కోర్సు మధ్యలో ఆపకూడదనే మాట డాక్టరు పరీక్షించి రాసిచ్చిన మందుకి వర్తిస్తుంది. ఇది మామూలు జలుబు, దీనికి అసలు ఆ కోర్సే లేదు.

ఎందుకో చెబుతాను. బాక్టీరియా తనకి కావలసిన ప్రొటీన్లు తనే తయారు చేసుకుంటుంది. అందుకు దానిలో రైబోజోములనే చిన్న యంత్రాలుంటాయి. అజిత్రో వెళ్లి వాటిలో ఇరుక్కుని పని ఆపేస్తుంది. జలుబు తెచ్చే వైరస్‌కి ఆ యంత్రమే లేదు. ప్రొటీన్ పెంకులో చుట్టిన కాస్త జన్యుపదార్థం, అంతే. అది మన ముక్కు లోపలి కణాల్లో దూరి మన రైబోజోములతోనే పని చేయించుకుంటుంది. మనవాటి ఆకారం వేరు కాబట్టి అజిత్రో వాటిలో సరిగ్గా కూర్చోదు. అమాక్సిసిలిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌దీ ఇదే సంగతి. అది బాక్టీరియా గోడ కట్టుకోకుండా చేస్తుంది, వైరస్‌కి గోడే ఉండదు.

మరి పోయినసారి వేసుకోగానే తగ్గింది కదా అంటావు. జలుబు రెండు మూడు రోజులు బాగా ముదిరి, ఆ తర్వాత దానంతటదే దిగుతుంది. ఇక ఉండబట్టలేక మాత్ర వేసుకునేది సరిగ్గా ఆ మూడో రోజునే. నాలుగో రోజున తెరిపి ఇస్తే పేరు మాత్రకి వస్తుంది. చీమిడి పసుపుగానో ఆకుపచ్చగానో మారిందని కంగారు పడొద్దు. వైరస్‌తో పోరాడటానికి వచ్చిన తెల్లకణాల్లో ఆకుపచ్చటి ఎంజైము ఒకటుంది, ఆ రంగు దానిదే.

పని చేయకపోతే పోనీ, నష్టమేముంది అనుకోవద్దు. జరిగేది గొంతులో, పేగుల్లో. అక్కడ మనకి హాని చేయని బాక్టీరియా కోట్లలో ఉంటుంది. వాటిలో ఏ కొన్నిటికో అజిత్రోని తట్టుకునే జన్యువు ముందే ఉంటుంది. కొన్ని తమ రైబోజోము మీద మందు కూర్చునే చోట చిన్న రసాయనపు ముక్క అతికించుకుంటాయి, ఇక మందుకి చోటుండదు. మరికొన్ని బోరు మోటారు నీళ్లు తోడినట్టు లోపలికొచ్చిన మందుని బయటికి తోడేస్తాయి. మాత్ర పడగానే మందుకి లొంగేవి చస్తాయి. ఖాళీ అయిన చోటంతా ఈ మొండివి ఆక్రమిస్తాయి.

పైగా అజిత్రో ఒంట్లోంచి తొందరగా పోదు. ఉన్నది సగానికి తగ్గడానికే దాదాపు మూడు రోజులు పడుతుంది. చంపేంత మోతాదు లేకుండా కొద్దికొద్దిగా ఒంట్లో మిగిలిన ఆ రోజుల్లో కూడా మొండివాటిదే పైచేయి. 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి మూడు రోజుల అజిత్రో ఇచ్చి నోటిలోని బాక్టీరియాని పరీక్షించారు. ఆరు నెలల తర్వాత కూడా మొండివి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో కంటే ఎక్కువే ఉన్నాయి. ఆ జన్యువుల్ని ఇవి న్యుమోనియా తెచ్చే బాక్టీరియాకి కూడా అందించగలవు.

‘ఒంటికి మందు అలవాటైపోయింది’ అంటుంది కదా అమ్మ, అలవాటయ్యేది ఒంటికి కాదు, క్రిములకి. అమ్మా బావగారూ ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి ఆయన గొంతులోవి ఆవిడకీ చేరతాయి. మన దగ్గర టైఫాయిడ్‌కి సిప్రోఫ్లాక్సాసిన్ చాలావరకు పని చేయకుండా పోయాక, ఇంట్లో ఉండి మింగగలిగే మాత్రల్లో మిగిలిన ముఖ్యమైనది ఈ అజిత్రోనే. దానికీ లొంగని టైఫాయిడ్ క్రిములు మన ఉపఖండంలో అప్పుడే కనిపించాయి. నా భయమంతా అందుకే.

ఇప్పుడు బావగారికి జ్వరమో ఒళ్లునొప్పులో ఉంటే పారాసిటమాల్ 500 ఒకటి, మళ్లీ కావాలంటే ఆరు గంటలు ఆగి ఇంకొకటి. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, అట్ట మీద చదివి చూడు, రెండూ కలిపి వేయొద్దు. ముక్కు దిబ్బడకి మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు వేయండి. దగ్గు రెండు మూడు వారాలు సాగినా ఆశ్చర్యం లేదు.

జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసమో ఛాతీలో నొప్పో వచ్చినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరం తిరగబెట్టినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. అది జలుబు మీద బాక్టీరియా చేరిన సూచన కావచ్చు, అప్పుడు యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు. వేసుకున్న ఆ ఒక్క మాత్ర సంగతి కూడా డాక్టరుకి చెప్పు. అమ్మకి షుగరు ఉంది కాబట్టి ఆవిడకి అంటుకుంటే మూడు రోజులు ఆగొద్దు, జ్వరం రాగానే చూపించు.

మిగిలిన రెండు మాత్రలూ ఫ్రిజ్ మీది డబ్బాలో పెట్టకు, పక్కింటివాళ్లు అడిగినా ఇవ్వకు. ఈ రాత్రి పడుకునే ముందు థర్మామీటరు పెట్టి ఎంతుందో రాసి ఉంచు, రేపు పొద్దున మీకు ఏడింటికి ఫోన్ చేస్తాను.

నీ తమ్ముడు