వసూలైన డబ్బు మీదే కమిషన్: వచ్చే నెల నుంచి లెక్క ఇలా మారుతుంది

"బిల్లు వేసిన నెలలోనే ఏజెంటుకు కమిషన్ ఇచ్చేస్తున్నాం. డీలరు దగ్గర డబ్బు ఆర్నెల్లకు వస్తోంది, ఒక్కోసారి రావడమే లేదు. వైర్లు అమ్మినా స్విచ్‌లు అమ్మినా ఒకే శాతం. వసూలైన దాని మీద, మార్జిన్ చూసి కమిషన్ పడేలా చేయగలరా?"

మా పంపిణీదారుల్లో ఒకరు అడిగిన మాట ఇది. చేశాం. మా దగ్గర ERPNext పెట్టించుకున్న పంపిణీదారులందరికీ ఇది వచ్చే నెల మొదటి తేదీ నుంచి అందుబాటులో ఉంటుంది. అయితే ఇది ఏం చేస్తుందో, ఏం చేయదో తెలుసుకున్నాకే ఆన్ చేయమని నా మాట. ఏజెంట్లతో గొడవ వచ్చాక లెక్క వివరించడం కంటే ముందే చెప్పడం తేలిక.

సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా ఉండే పద్ధతి చాలా సాదా. బిల్లులోని Sales Team పట్టికలో ఏజెంటు పేరు, commission_rate ఉంటాయి. బిల్లు సేవ్ చేయగానే పన్ను మినహా విలువ మీద ఆ శాతం incentives అనే గడిలో పడిపోతుంది. డబ్బు వచ్చిందా లేదా అన్నది ఆ గడికి పట్టదు. ఏజెంటు కూడా అంతే. సరుకు దింపించే దాకా డీలరు చుట్టూ తిరుగుతాడు, ఆ తర్వాత వసూలు భారం మీ ఆఫీసులోని ఫోను మీద పడుతుంది.

కొత్త లెక్కను ఒక బిల్లుతో చూద్దాం. వైర్లు 80,000 రూపాయలు, స్విచ్‌లు 20,000. పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపి బిల్లు 1,18,000. వైర్ల మీద మీకు మిగిలేది 4,000, స్విచ్‌ల మీద 5,000. అంటే నాలుగింతలు ఎక్కువ అమ్మిన వైర్ల కంటే స్విచ్‌లే ఎక్కువ మిగిల్చాయి. మార్జిన్ 9,000లో పది శాతం కమిషన్ అనుకుంటే ఏజెంటుకు రావలసింది 900. డీలరు మొదటి విడతగా 59,000 కట్టాడు. అది బిల్లులో సగం కాబట్టి 450 పడుతుంది. వచ్చిన డబ్బును జీఎస్టీతో కలిపిన బిల్లు మొత్తంతోనే పోల్చాలి. పన్ను లేని లక్షతో పోలిస్తే ఏజెంటుకు మీరు ప్రభుత్వం సొమ్ము మీద కూడా కమిషన్ ఇచ్చినట్టే.

ఇంతవరకు ఎక్సెల్‌లోనూ చేయవచ్చు. చిక్కంతా సరుకు తిరిగివచ్చినప్పుడు మొదలవుతుంది. అదే డీలరు 5,000 విలువైన స్విచ్‌లు వెనక్కి పంపాడు. జీఎస్టీతో కలిపి 5,900కు క్రెడిట్ నోటు వేశారు. మిగిలిన 53,100 కట్టి ఖాతా తేల్చుకున్నాడు. బాకీ తగ్గడాన్ని వసూలుగా లెక్కించే రిపోర్టు అయితే ఈ క్రెడిట్ నోటును కూడా డబ్బు కిందే జమకట్టి, మొత్తం 900 ఇచ్చేస్తుంది. వాపసు వచ్చిన స్విచ్‌ల మీద మీకు పోయిన మార్జిన్ 1,250. నిజంగా ఏజెంటుకు చెందవలసింది 775. తేడా చిన్నదే, కానీ నెలకు వందల బిల్లులు వేసే చోట అది అలాగే పేరుకుంటుంది.

అందుకని రసీదు వచ్చిన ప్రతిసారీ విడిగా లెక్కవేయడం మానేసి, బిల్లు మొత్తాన్ని మొదటి నుంచి మళ్లీ లెక్కగట్టి, అప్పటికే ఇచ్చినది తీసేస్తున్నాం:

```
due = margin * rate * min(1, collected / bill_total) - already_paid
```

ఇందులో margin, bill_total రెండూ వాపసులు తీసేశాక మిగిలినవి. collected అంటే Payment Entryలో ఆ బిల్లుకు allocated_amount కింద పడినదాంట్లో తగ్గింపులు పోను మిగిలిన అసలు డబ్బు మాత్రమే. డబ్బంతా కట్టాక వాపసు వచ్చినా వసూలు నిష్పత్తి ఒకటి దాటకుండా min చూసుకుంటుంది. మన ఉదాహరణలో 7,750లో పది శాతం 775, ఇచ్చిన 450 పోను ఈ నెల 325. వాపసు ఆలస్యంగా వస్తే due మైనస్‌లోకి వెళ్తుంది, అది వచ్చే నెల కమిషన్‌లో తగ్గుతుంది. ఏజెంటు జేబులోంచి తిరిగి అడగవలసిన పని ఉండదు.

నగదు తగ్గింపు సంగతి కూడా ఇందులోకే వస్తుంది. వైర్ల మీద రెండు శాతం తగ్గింపు అంటే 1,600. మార్జినే 4,000 ఉన్నచోట అది చిన్న కోత కాదు. Payment Entryలో తగ్గింపుగా రాసినదాన్ని వసూలుగా కాక, మార్జిన్‌లో కోతగా చూస్తాం. అదే కోత రెండుసార్లు పడకుండా bill_total నుంచి కూడా దాన్ని తీసేస్తాం.

చెక్కుల విషయంలో కొందరికి నచ్చకపోవచ్చు. చెక్కు చేతికి రాగానే రసీదు రాస్తారు, బౌన్సయ్యేది తర్వాత. కాబట్టి బ్యాంకు రసీదులకు clearance_date పడేదాకా కమిషన్ కదలదు. మీ అకౌంటెంట్ బ్యాంకు స్టేట్‌మెంట్ సరిచూడడం వాయిదా వేస్తే ఏజెంట్లు మీ గుమ్మం ముందు నిలబడతారు. అలాగే డీలరు "ఖాతాకు రెండు లక్షలు" అని గుండుగుత్తగా పంపిన డబ్బు ఏ బిల్లుకూ కేటాయించకపోతే దాని మీద ఎవరికీ ఏమీ రాదు. పాత బిల్లుకు ముందు అన్న వరసనే పాటించండి. ఇద్దరు ఏజెంట్లు ఒకే డీలరుకు అమ్ముతుంటే ఈ కేటాయింపే వారి మధ్య తగాదా అవుతుంది.

ఇక అన్నిటికంటే అనుమానించవలసిన అంకె కొనుగోలు ధర. మేము బిల్లు వరసలోని incoming_rate తీసుకుంటున్నాం. సరుకు ముందు అమ్మి, కొనుగోలు బిల్లు తర్వాత ఎక్కించే అలవాటు చాలామందికి ఉంది. అలాంటప్పుడు ఈ ధర సున్నాగా ఉండవచ్చు, అప్పుడు అమ్మిన మొత్తమంతా మార్జినే. మార్జిన్ వంద శాతం కనిపించిన వరసలను మా రిపోర్టు ఎర్రగా చూపి ఆపేస్తుంది. ధర సరిచేసేదాకా వదలదు. కంపెనీలు ఏడాది చివర ఇచ్చే టర్నోవర్ రిబేటును మాత్రం లెక్కలోకి తేలేదు, తేను కూడా. అది మీ కొనుగోలుకు దక్కినది.

ఒక మాట ఎవరూ అడగలేదు కానీ చెప్పాలి. ఏజెంటుకు 10 శాతం అని తెలిసి, చీటీలో 900 కనిపిస్తే మీ మార్జిన్ 9,000 అని వెనక్కి లెక్కగట్టడం క్షణం పని. మీ కొనుగోలు ధర అతనికి తెలిసినట్టే, అతను పక్క షాపుకు కూడా సరుకు తిప్పుతుంటాడు. ఇది ఇబ్బంది అనుకునేవారికి రెండో దారి పెట్టాం: సరుకు గ్రూపును బట్టి అమ్మకం మీద స్థిర శాతం. వైర్లకు అర శాతం, స్విచ్‌లకు రెండున్నర పెడితే పై బిల్లుకు 400, 500 కలిపి అదే 900. కొనుగోలు ధర ఎక్కడా బయటపడదు, సున్నా ధర తలనొప్పీ ఉండదు. లోపం ఒకటే. ఏజెంటు డీలరుకు అడిగినంత తగ్గించి అమ్మినా అతని కమిషన్ పెద్దగా తగ్గదు. ధరలు మీ చేతిలోనే ఉంటే ఈ దారి మేలు. బేరం ఏజెంటు చేతిలో వదిలేస్తే మొదటిదే పెట్టుకోండి.

ఏజెంటు ఉద్యోగి కానప్పుడు టీడీఎస్ అతని ఖాతాలో జమ చేసిన రోజో చెల్లించిన రోజో ఏది ముందైతే ఆ రోజు వర్తిస్తుంది. కాబట్టి మేము బిల్లు రోజున ఏదీ జమ చేయం, నెలాఖరున తేలిన మొత్తానికే ఎంట్రీ వేస్తాం. కోతను మీ ఆడిటర్ చెప్పినట్టు మీరే పెట్టుకోవాలి.

ఆన్ చేసేటప్పుడు ఒక తేదీ అడుగుతుంది. ఆ తేదీ తర్వాతి బిల్లులే కొత్త లెక్కలోకి వస్తాయి. పాత బిల్లులకు మీరు ఇప్పటికే కమిషన్ ఇచ్చి ఉంటారు, వాటి డబ్బు ఇప్పుడు వస్తే రెండోసారి పడకూడదు. అందువల్ల మొదటి రెండు మూడు నెలలు ఏజెంట్లకు చేతికొచ్చేది బాగా తగ్గుతుంది. ఆ మాట వారికి ముందే చెప్పి, కావాలంటే అడ్వాన్సు ఇచ్చి తర్వాత కోసుకోండి. అడ్వాన్సు రాసుకోవడానికి already_paidలోనే చోటుంది.