టెంట్ సామాను శనివారానికి మార్చమని అడిగాం

అందరికీ నమస్కారం. మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం ఆదివారం ఉదయం 10 గంటలకే, అందులో మార్పు లేదు. మారేది సామాను వచ్చే రోజు మాత్రమే.

శనివారం ఒంటిగంట దాకా స్కూల్లో పరీక్ష ఉంది. శుక్రవారమే గుంజలు పాతితే పిల్లలకి ఇబ్బంది. అందుకే టెంట్ హౌస్ వాళ్లకి ఈ లెటర్ పంపాను:

“అయ్యా, శుక్రవారం సాయంత్రం రావాల్సిన సామాను శనివారం మధ్యాహ్నం 2 గంటలకు పంపగలరు. స్టేజీ, షామియానా మొదటి లోడులోనే రావాలి. స్టేజీ 5 గంటలకల్లా నిలబడితేనే మైకు వాళ్లు వెలుతురుండగా వైర్లు లాగగలరు. కుర్చీలు, వంట పాత్రలు రాత్రి 8 లోపు వచ్చినా చాలు. వంటవాళ్లు తెల్లవారుజామున 4కే పొయ్యి వెలిగిస్తారు కాబట్టి అంతకంటే ఆలస్యం కుదరదు. అద్దె, అడ్వాన్సు మాట్లాడుకున్నట్టే. ఆ రోజు మీకు పెళ్లి ఆర్డర్లుండి లారీ గానీ కూలీలు గానీ దొరక్కపోతే, శుక్రవారమే తెచ్చి వెనక షెడ్డులో దింపండి. పరీక్ష అయ్యాక బిగించవచ్చు.”

ఫోన్లో సరే అన్నారు. కానీ సీజన్‌లో నోటిమాట నిలవదు, అందుకే తేదీ, టైము వాట్సాప్‌లో రాసి పంపమన్నాను. రాగానే ఇక్కడ పెడతాను.

శనివారం 2 గంటలకు నలుగురు కావాలి, వచ్చేవాళ్లు పేరు పెట్టండి. కుర్చీలు దింపేటప్పుడే లెక్కపెట్టి, విరిగినవి పక్కన పెట్టాకే చీటీ మీద సంతకం చేయండి. లేకపోతే తిరిగిచ్చేటప్పుడు ఆ డబ్బు మన లెక్కలోకొస్తుంది.

దయచేసి టెంట్ హౌస్‌కి ఎవరూ విడిగా ఫోన్ చేయొద్దు. ఇద్దరు రెండు టైములు చెబితే లారీ ఏ టైముకీ రాదు.