పన్నెండు నెలల డబ్బు, నాలుగు నెలల జిమ్: కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను బ్యాంకు ఉద్యోగిని. 2025 జనవరి 1న హైదరాబాద్ మియాపూర్‌లో మా ఇంటి సందు చివర ఉన్న జిమ్‌లో చేరాను. బయట పెద్ద ఫ్లెక్సీ కట్టారు. నెలనెలా కడితే 2,500 రూపాయలు, ఏడాదికి ఒకేసారి కడితే 15,000. అప్పటికి జిమ్‌ల మీద జీఎస్టీ 18 శాతం. అది కలిపి 17,700 రూపాయలు యూపీఐలో కట్టేశాను. నాలుగు నెలలు బాగానే వెళ్లాను (ఫిబ్రవరిలో పెళ్లిళ్ల వల్ల మానేసిన వారం సంగతి వదిలేద్దాం). ఏప్రిల్ చివర్లో విశాఖపట్నానికి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది. ఆ జిమ్‌కు విశాఖలో బ్రాంచి లేదు. మిగిలిన ఎనిమిది నెలల డబ్బు తిరిగివ్వమని అడిగాను.

మేనేజరు కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న లైను చూపించాడు: ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు, వేరొకరి పేరుకు మార్చబడదు. "అందరికీ ఇదే రూల్ మేడం. కావాలంటే రెండు నెలలు ఫ్రీజ్ చేస్తాను" అన్నాడు. ఊరే మారిపోయేదాన్ని, ఫ్రీజ్ చేసుకుని ఏం చేసుకోను? అదే చెప్పాను. అప్పుడు అతను అన్న మాటే నాతో ఈ ఉత్తరం రాయిస్తోంది. "డబ్బులు ఇవ్వాలని ఎక్కడైనా రాసి ఉంటే చూపించండి మేడం, ఓనర్ గారితో మాట్లాడి ఇప్పిస్తాను."

వెతికాను. జిమ్ ఫీజు గురించి సూటిగా అలా రాసిన కాగితం ఒక్కటీ నాకు దొరకలేదు.

చట్టం లేదని కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(46) అన్యాయమైన కాంట్రాక్టు అంటే ఏమిటో చెబుతుంది. జరిగిన నష్టంతో పొంతన లేని జరిమానా వేయడం, సరైన కారణం లేకుండా ఒక పక్షమే కాంట్రాక్టు రద్దు చేసుకునే వీలు పెట్టుకోవడం, వినియోగదారుడి మీద సబబు కాని షరతు రుద్దడం ఆ కోవలోకే వస్తాయి. నా రసీదు వెనకే ఇంకో లైను ఉంది. యాజమాన్యం తలుచుకుంటే ఎవరి మెంబర్‌షిప్ అయినా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా రద్దు చేయవచ్చట, అప్పుడు కూడా డబ్బు రాదట. చట్టంలోని ఉదాహరణను చూసి రాసుకున్నారేమో అనిపించింది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, అన్యాయమైన కాంట్రాక్టు మీద ఫిర్యాదు వినే అధికారాన్ని చట్టం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఇవ్వలేదు. రాష్ట్ర కమిషన్‌కూ జాతీయ కమిషన్‌కూ మాత్రమే ఇచ్చింది. సెక్షన్ 49 ప్రకారం అలాంటి షరతు చెల్లదని ప్రకటించగలిగేది రాష్ట్ర కమిషన్. అంటే ఆదిలాబాద్‌లో ఐదు వేల రూపాయల జిమ్ ఫీజు పోగొట్టుకున్న మనిషి, ఆ లైనును కొట్టేయించాలంటే రాష్ట్ర కమిషన్ దాకా వెళ్లాలి. కోట్ల రూపాయల ఫ్లాట్ కాంట్రాక్టులను దృష్టిలో పెట్టుకుని ఈ ఏర్పాటు చేశారేమో గానీ, చిన్న రసీదులకు ఇది అతకదు.

తెలిసిన లాయరు గారు దీనికి ఒక దారి చెప్పారు. "షరతు చెల్లదని ప్రకటించండి అని అడక్కండి. ఇవ్వని సేవకు డబ్బు ఉంచుకోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని రాసి, రీఫండ్ మాత్రమే అడగండి. అది జిల్లా కమిషన్ వినవచ్చు." ఆధారంగా 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక బిల్డరు కేసులో ఇచ్చిన తీర్పు చూపించారు. కొనుక్కునేవాడు చుక్కల గీత మీద సంతకం పెట్టడం తప్ప మరో దారి లేని ఏకపక్ష షరతులు అనుచిత వ్యాపార పద్ధతే అవుతాయని అందులో ఉంది. ఫిర్యాదు నేను ఇప్పుడు ఉంటున్న విశాఖలోనే వేయవచ్చు. ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఇదంతా నాకు ఉపయోగపడింది. కానీ బిల్డరు తీర్పు పట్టుకుని జిమ్ మేనేజరు దగ్గరకు వెళ్లి "ఇదిగో రాసి ఉంది" అంటే నవ్వుతాడు. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. నా ఫిర్యాదును జిమ్‌కు పంపారు. జిమ్ మళ్లీ ఆ రసీదు వెనక లైనునే జవాబుగా రాసింది. హెల్ప్‌లైన్ కేసుకు ముందు రాజీ కుదిర్చే ఏర్పాటు, ఆదేశాలిచ్చేది కాదు కాబట్టి కథ అక్కడితో ఆగింది.

అందుకే నేను అడిగేది కొత్త చట్టం కాదు, ఒక లెక్క. ఎంత తిరిగివ్వాలో చెప్పే లెక్క.

నా విషయమే తీసుకోండి. నేరుగా నెలల చొప్పున భాగిస్తే 15,000లో పన్నెండింట ఎనిమిది వంతులు, అంటే 10,000. జీఎస్టీ 1,800 కలిపితే 11,800 రావాలి. జిమ్ ఓనరు వైపు నుంచి చూస్తే ఇంకో లెక్క ఉంది, దాన్ని కొట్టిపారేయలేను. ఏడాది ఉంటానని మాట ఇచ్చాను కాబట్టే నాకు నెలకు 1,250 పడింది. నాలుగు నెలలే ఉంటానని ముందే చెప్పి ఉంటే నెలకు 2,500 చొప్పున 10,000 తీసుకునేవాడు. ఆ లెక్కన మిగిలేది 5,000, జీఎస్టీతో 5,900. ఈ పద్ధతిలో ఆరు నెలలు దాటితే ఒక్క రూపాయి కూడా రాదు.

రెండు లెక్కలూ ఉండాలని నా అభిప్రాయం, కాకపోతే దేనికి ఏదో తేల్చాలి. బద్ధకించో, ఇంకో జిమ్‌లో మంచి ఆఫర్ చూసో మానేసేవారికి రెండో లెక్క న్యాయమే. డిస్కౌంటు వెనక్కి ఇచ్చి మిగిలింది తీసుకుంటారు. డాక్టరు వ్యాయామం వద్దన్నవారికి, ఊరు మారినవారికి, చనిపోయిన సభ్యుడి కుటుంబానికి మొదటి లెక్క వర్తించాలి. జిమ్ వేరే చోటికి మారినా, మహిళల టైమింగ్స్ ఎత్తేసినా, ట్రెడ్‌మిల్లులు నెలల తరబడి రిపేరులో ఉన్నా మొదటి లెక్కే, ఆ పైన పరిహారం కూడా. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు హెల్త్ క్లబ్ చట్టం ఇలాంటి తేడానే పాటిస్తుంది. చేరిన మూడు రోజుల్లో ఎవరైనా రద్దు చేసుకోవచ్చు. ఆ తర్వాత డాక్టరు మాట ప్రకారం ఆరు నెలలకు మించి రాలేనంతగా ఆరోగ్యం దెబ్బతిన్నా, క్లబ్బు శాఖలకు 25 మైళ్లకు మించిన దూరానికి ఇల్లు మారినా రద్దు చేసుకోవచ్చు.

రెండో లెక్కలో మోసానికి ఒక సందు ఉంది. నెల ధర 2,500 కాస్తా బోర్డు మీద 5,000 అయిపోతుంది. ఆ ధరకు ఎవరూ చేరరు, ఎవరినీ చేర్చుకోరు. కానీ రీఫండ్ అడిగిన రోజు "మీరు వాడిన మూడు నెలలకే పదిహేను వేలు మేడం" అని చెప్పడానికి పనికొస్తుంది. అందుకని నెల ధర అంటే నెలవారీ సభ్యుల దగ్గర నిజంగా బిల్లు వేసి వసూలు చేసిన ధర అని నియమంలో ఉండాలి. పర్సనల్ ట్రైనింగ్‌కు నెలలతో పని లేదు. 24 సెషన్లకు కట్టి తొమ్మిది చేసినవాడికి పదిహేను సెషన్ల డబ్బు మిగిలి ఉంది, అంతే.

జీఎస్టీ గురించి ప్రతి జిమ్ ఒకే మాట చెబుతుంది: "అది గవర్నమెంటుకు కట్టేశాం, మా చేతిలో లేదు." అది సగం నిజం. బిల్లు విలువ తగ్గినప్పుడు జిమ్ క్రెడిట్ నోట్ ఇచ్చి, తాను కట్టాల్సిన పన్ను తగ్గించుకోవచ్చు. 2024-25 బిల్లుకు ఆ గడువు 2025 నవంబరు 30 దాకా ఉండింది. నేను అడిగింది మేలో. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్‌ల పన్ను 5 శాతానికి దిగింది కాబట్టి ఈ తగాదా చిన్నదవుతుంది. అసలు బిల్లే ఇవ్వకుండా తెల్ల కాగితం మీద స్టాంపు వేసి పంపే జిమ్‌ల దగ్గర మాత్రం సభ్యుడు ఎంత కట్టాడో రుజువు చేసుకోవడమే కష్టం.

వడ్డీ లేని ఈఎమ్ఐ అని చేర్పించే చోట ఇంకో టెన్షన్. మా కౌంటర్‌కు వచ్చే కస్టమర్లలో ఇది చూస్తుంటాను. జిమ్‌కు డబ్బు మొదటి రోజే ఫైనాన్స్ కంపెనీ నుంచి ముట్టేస్తుంది. సభ్యుడు మానేసినా, జిమ్‌కు తాళం పడినా ఈఎమ్ఐ ఆగదు. కోపంతో అకౌంటు ఖాళీగా ఉంచితే క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది, రేపు ఇంటి లోనుకు అదే అడ్డం పడుతుంది. రీఫండ్ నేరుగా ఆ లోను ఖాతాకే జమ కావాలి, మిగిలితే సభ్యుడికి రావాలి.

చిన్న జిమ్ ఓనర్ల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. జనవరిలో వచ్చిన ఏడాది ఫీజులతోనే వాళ్లు అద్దె అడ్వాన్సు, మెషీన్ల వాయిదాలు కడతారు. మేలో ఇరవై మంది ఒకేసారి అడిగితే గల్లాపెట్టెలో ఉండదు. కావాలంటే వాళ్లకు నెల రోజులు గడువివ్వండి, రెండు వాయిదాల్లో ఇమ్మనండి. ఇవ్వనక్కర్లేదని మాత్రం రాసుకోనివ్వకండి.

ఈ లెక్కకు దగ్గరి పోలిక ప్రభుత్వం దగ్గరే ఉంది. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన కోచింగ్ సెంటర్ల మార్గదర్శకాల్లో, పూర్తి ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి దామాషాగా పది రోజుల్లో తిరిగివ్వాలని ఉంది. హాస్టలు, మెస్సు ఫీజులకూ అదే వర్తిస్తుంది. మీ శాఖ కింద ఉన్న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు మార్గదర్శకాలు జారీ చేసే అధికారం ఉంది. హోటల్ బిల్లులో సర్వీస్ ఛార్జీని బలవంతంగా కలపకూడదని 2022 జులైలో ఇచ్చింది ఆ సంస్థే. ఆ తర్వాతే కదా మేం బిల్లులో ఆ లైను చూపించి "ఇది తీసేయండి" అని అడగగలిగింది! జిమ్‌లకూ అలాంటిది ఒకటి జారీ చేయించండి. దాంతో పాటు, తక్కువ మొత్తాల విషయంలో అన్యాయమైన షరతును జిల్లా కమిషన్ కూడా కొట్టేసేలా చట్టాన్ని సవరించే ఆలోచన చేయండి. మొదటిది మీ శాఖ పరిధిలోనే అయ్యే పని. రెండోది పార్లమెంటు దాకా వెళ్లాలి కాబట్టి దాని కోసం మొదటిదాన్ని ఆపవద్దు.

ఆ మార్గదర్శకాల్లో ఒక్క వాక్యం నా కోసం చేర్చండి. ఆఫర్ ధర ఏ ఫ్లెక్సీ మీద, ఎంత అక్షరాల్లో వేస్తారో, మధ్యలో మానేస్తే ఎంత వస్తుందో కూడా దాని మీదే, అంతే అక్షరాల్లో, తెలుగులో వేయాలని.

ఇట్లు,
ఎనిమిది నెలల ఫీజు రావాల్సిన ఒక సభ్యురాలు,
విశాఖపట్నం