విషయం: రూ. 2,40,000 జంపఖానాల బిల్లు, మూడు మెయిళ్లు, మీ వాళ్లు నేర్పిన మర్యాద

వరంగల్, 8 సెప్టెంబరు 2025

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం. మీ గెస్ట్ హౌస్‌లకు మా కొత్తవాడ నుంచి జంపఖానాలు మా నాయన కాలం నుంచి వస్తున్నాయి. ఈసారి సరుకు జూన్ 3న చేరింది, మీ స్టోర్ వాళ్లు ముద్ర వేసి సంతకం పెట్టారు. గడువు మీ ఆర్డరు కాగితం మీదే ఉంది, 30 రోజులు. అంటే జూలై 3. సరుకు బాగాలేదని ఇప్పటిదాకా ఒక్కరూ అనలేదు. అందుకే దాని గురించి నేను రాయడం లేదు.

జూలై 10న మొదటి మెయిల్ పంపాను. సబ్జెక్టులోనే బిల్లు నంబరు, మొత్తం, గడువు తేదీ పెట్టాను, ఎవరూ వెతుక్కోకుండా. లోపల ఇంతే: "బిల్లు గడువు 3వ తేదీతో ముగిసింది. పని ఒత్తిడిలో మీ దృష్టికి రాకపోయి ఉండొచ్చు. బిల్లు, ఆర్డరు కాగితం, స్టోర్ ముద్ర ఉన్న చలానా జతచేశాను. ఇప్పటికే పంపి ఉంటే యూటీఆర్ నంబరు చెప్పగలరు." ఇంతకన్నా మెత్తగా రాయడం నాకు రాదు.

జవాబు లేదు. ఫోన్ చేస్తే అకౌంట్స్‌లో ఒక అమ్మాయి "సార్, మీది జీఆర్ఎన్ కాలేదు, స్టోర్స్‌ని అడగండి" అన్నది. సరుకు అందిందని మీ దగ్గర రాసుకునే రసీదు అది. స్టోర్స్ ఆయన "మేం ఎప్పుడో చేసినం అన్నా, పర్చేజ్‌లో ఆగింది" అన్నాడు. పర్చేజ్ సారు మీటింగ్‌లో ఉన్నాడు. ఆయన మీటింగ్ ఇంకా అయిపోయినట్టు లేదు. మళ్లీ అకౌంట్స్‌కు చేస్తే కొత్త గొంతు, కథంతా మొదటి నుంచి. ఈలోగా జూన్ బిల్లు మీది జీఎస్టీ జూలై 20లోగా నా జేబులోంచి కట్టాను. మీరు నాకివ్వని డబ్బుకు పన్ను నేను కట్టాను, ఆ క్రెడిట్ మీ ఖాతాలో పడింది. నిజానికి బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో నాకు డబ్బు ఇవ్వకపోతే ఆ క్రెడిట్‌ను మీరు వడ్డీతో వెనక్కి కట్టాలి. ఆ 180 రోజులు నవంబరు చివరతో తీరుతాయి. మీ అకౌంట్స్ వాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. తెలిసినా ఇట్లనే ఉంటే ఇక నేనేం చెప్పను.

జూలై 28న రెండో మెయిల్. పాత మెయిల్ కిందనే రాశాను, మీ వాళ్లు "అందలేదు" అనకుండా. "ఉండొచ్చు" తీసేశాను, ఒక్క ప్రశ్న ఉంచాను: "జీఆర్ఎన్ ఎవరి దగ్గర ఆగిందో, డబ్బు ఏ తేదీన వేస్తారో ఆగస్టు 1లోగా రాతపూర్వకంగా చెప్పండి." ఈసారి జవాబు వచ్చింది: "నోటెడ్." అంతే. ఏం నోట్ చేసుకున్నారో ఆ దేవుడికే తెలియాలి. ఫోన్‌లో మాత్రం "మా పాలసీ 90 రోజులు అన్నా" అన్నారు. మీ ఆర్డరులో 30 అని ఉంటే 90 ఎక్కడి నుంచి వచ్చింది?

ఆగస్టు 22న మూడోది రాశాను, మీకు కూడా కాపీ పెట్టి. "చిన్న పరిశ్రమగా మా యూనిట్ ఉద్యమ్ నమోదు నంబరు బిల్లు మీద ఉంది. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం సెక్షన్ 15 ప్రకారం రాసుకున్న గడువు ఎంతైనా 45 రోజులు మించకూడదు. ఆలస్యానికి సెక్షన్ 16 కింద రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ." ఇప్పుడు ఆ రేటు 5.75 కాబట్టి 17.25 శాతం, అంటే మొదటి నెలకే 3,450 రూపాయలు. ఇందులో తిట్టు ఒక్కటి లేదు.

గంటలోపు జవాబు! మెత్తగా రాస్తే ఎవరికీ అందని మెయిల్, చట్టం పేరు రాయగానే మీ ఫైనాన్స్ హెడ్ చేతికి దొరికింది. డబ్బు గురించి కాదు. "మీ టోన్ మమ్మల్ని బాధించింది, దీర్ఘకాల సంబంధానికి ఇది మంచిది కాదు" అని. సారూ, ఆ సంబంధం గుర్తుండే గదా జూలైలో అంత మెత్తగా రాసింది. అప్పుడు మీ సంబంధం ఎక్కడుంది?

బతుకమ్మ 21న మొదలవుతుంది. దసరాకు నేతగాళ్లకు కూలి ఇవ్వాలి, నూలు షావుకారు నాకు 90 రోజుల పాలసీ ఏమీ ఇవ్వలేదు. అసలు మొత్తం, జూలై 4 నుంచి వడ్డీ సెప్టెంబరు 18లోగా ఖాతాలో పడాలి. ఇంకో మెయిల్ రాయను. చిన్న పరిశ్రమల బకాయిల ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ పోర్టల్‌లో దరఖాస్తు నింపి ఉంచాను. అది ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పోతుంది, అక్కడ నా మూడు మెయిళ్లూ, మీ "నోటెడ్" కూడా జతగా ఉంటాయి. వడ్డీ సంగతి మాట్లాడుకోవాలంటే మీరే ఫోన్ చేయండి, మీటింగ్‌లో ఉన్న సారుకు మాత్రం ఇవ్వకండి.

ఇట్లు,
ప్రొప్రైటర్,
జంపఖానాల నేత యూనిట్, కొత్తవాడ, వరంగల్