మాల్కౌన్స్‌లో పాట ఎక్కడ మొదలవుతుంది

తిరుపతి

అమ్మా ప్రసన్నా,

ఆశీస్సులు. పుణెలో శనివారం హిందుస్తానీ గాత్రకచేరీ ఉందనీ, మాల్కౌన్స్ రాగం పాడతారనీ రాశావు. పోయినసారి గంటసేపు కూర్చున్నా ఆలాపనే సాగింది, పాట రానేలేదు అన్నావు. పాట వచ్చింది తల్లీ, మొదటి రెండు మూడు నిమిషాల్లోనే వచ్చేసింది. మన కర్ణాటక కచేరీలు విన్న చెవికి అది పాటలా తోచదు. ఈసారి అలా కాకూడదని ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక ధైర్యం చెబుతాను. మాల్కౌన్స్ స్వరాలు నీకు కొత్తవి కావు. అది మన హిందోళమే: స, గ, మ, ద, ని. రిషభం లేదు, పంచమం లేదు. చిన్నప్పటి నుంచి వింటున్న 'సామజవరగమన' హిందోళమే కదా, ఆ స్వరాలే అక్కడా వినిపిస్తాయి. పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. మనం శుద్ధ ధైవతం అనేది హిందుస్తానీ వాళ్లకు కోమల్ ధ. వాళ్ల శుద్ధ ధ మన చతుశ్రుతి ధైవతం. ఇంకో తిరకాసు కూడా ఉంది. వాళ్లకు హిందోల్ అని వేరే రాగం ఉంది, అందులో తీవ్ర మధ్యమం పడుతుంది. హిందోళం విందామని ఆ పేరుతో వెతికితే సంబంధం లేని రాగం దొరుకుతుంది.

మనకు హిందోళం ప్రధానాంశమైతే ఏం జరుగుతుందో నీకు తెలుసు. గాయకుడు తాళం లేకుండా పది పదిహేను నిమిషాలు రాగం ఆలాపిస్తాడు. తరువాత వయొలిన్ తన వంతు తీసుకుంటుంది. అప్పుడు మృదంగం అందుకుంటుంది, కీర్తన మొదలవుతుంది. పల్లవి, అనుపల్లవి, చరణం, వాటికి సంగతులు. ఆ పైన ఒక పాదం పట్టుకుని నెరవు, స్వరకల్పన, చివరికి తని ఆవర్తనం. ఆలాపన ఒక గది, కీర్తన ఇంకో గది, మధ్యలో గడప స్పష్టంగా ఉంటుంది. నువ్వు పుణెలో వెతికింది ఆ గడపనే.

శనివారం నువ్వు వినబోయే వాళ్ల గానపద్ధతిని ఖయాల్ అంటారు, అందులో ఆ గడప ఉండదు. గాయకుడు తబలా లేకుండా రెండు మూడు నిమిషాలు రాగం ఛాయ చూపించి నేరుగా బందిశ్ ఎత్తుకుంటాడు. బందిశ్ అంటే వాళ్ల రచన. దానికి స్థాయీ, అంతరా అని రెండే భాగాలు, అన్నీ కలిపి నాలుగైదు పంక్తులు. స్థాయీ ఒకటి రెండుసార్లు పాడటం, తబలా అందుకోవడం, దాంతో పాట మొదలైపోయినట్టే. మన ఆలాపనలో ఉండే పని అంతా ఆ తరువాతే, తాళం నడుస్తుండగానే సాగుతుంది. అందుకే నీకు గంటసేపూ ఆలాపనే అనిపించింది. మన కీర్తనలో వాగ్గేయకారుడు కట్టిపెట్టినదే ఎక్కువ, గాయకుడు దాన్ని నిలబెట్టి అక్కడక్కడా తన మనోధర్మం చూపిస్తాడు. ఖయాల్‌లో కట్టినది చాలా కొంచెం, మిగతాదంతా అప్పటికప్పుడు అల్లుకోవాల్సిందే. అందుకే మన కచేరీలో ఎనిమిది పది అంశాలు పడితే, వాళ్లకు రెండు మూడు రాగాలతోనే పొద్దుపోతుంది.

ఇక వినేటప్పుడు దేన్ని పట్టుకోవాలి? బందిశ్ మొదటి పంక్తిలో మొదటి ముక్కను ముఖ్‌డా అంటారు. గాయకుడు ఎంత దూరం పోయినా ఆవర్తం ముగిసే వేళకు ఆ ముక్క అందుకుని సమ్ మీదికి వచ్చి వాలాలి. సమ్ అంటే తాళంలో మొదటి మాత్ర. మొదట్లో నాలుగైదుసార్లు ముఖ్‌డా విని మనసులో పెట్టుకో. మళ్లీ వినపడినప్పుడల్లా ఒక ఆవర్తం పూర్తయినట్టు లెక్క.

కష్టమంతా ఆ ఆవర్తం పొడవుతోనే. నెమ్మదైన బందిశ్‌కు తరచు వాడే తాళం విలంబిత ఏక్‌తాల్, దానికి 12 మాత్రలు. ఒక్కో మాత్ర సుమారు నాలుగు సెకన్లు సాగితే ఆవర్తానికి 48 సెకన్లు. మధ్యమకాలపు ఆది తాళం ఆవర్తం ఆరేడు సెకన్లలో తిరిగి వస్తుందని నీ చెయ్యి అలవాటు పడింది. అంత పొడుగు ఆవర్తంలో చేత్తో లెక్కపెట్టబోతే నాలుగో మాత్రకే తప్పిపోతావు. అక్కడ చేత్తో తాళం వేసే పద్ధతి కూడా అంతగా లేదు, గాయకుడే వేయడు. తాళం తబలాలోనే వినపడుతూ ఉంటుంది. మన మృదంగం పాట నడకను, సాహిత్యాన్ని, సంగతులను వెంటాడుతూ వాయిస్తుంది, ఎనిమిది అక్షరాలను విడివిడిగా చెప్పదు. అందుకే మన మహతి ఆడిటోరియంలో ముందు వరుసల వాళ్లందరి చేతులూ తొడల మీద తాళం వేస్తుంటాయి. తబలా మాత్రం ఠేకా వాయిస్తుంది. ఠేకా అంటే ఆ తాళానికి స్థిరపడిన జతుల వరుస. ఏక్‌తాల్‌కు ఇది:

ధిన్ ధిన్ ధాగె తిరకిట తూ నా
కత్ తా ధాగె తిరకిట ధీ నా

ఇందులో నువ్వు చెవి ఒగ్గాల్సింది 'తిరకిట' కోసం. మిగతా దెబ్బలు నెమ్మదిగా, ఒంటరిగా పడుతుంటే ఇదొక్కటి వేళ్లతో గలగలమని వస్తుంది కాబట్టి ఎవరికైనా తెలిసిపోతుంది. నాలుగో మాత్రలో ఒకటి, పదో మాత్రలో ఒకటి. మొదటిది వినపడితే ఇంకా చాలా దూరం ఉంది. రెండోది వినపడితే ధీ, నా అని రెండే మాత్రలు మిగిలాయి, ఆ తరువాత సమ్. గాయకుడు కూడా దాదాపు అక్కడి నుంచే ముఖ్‌డా వైపు మళ్లుతాడు. ఏది మొదటిదో ఏది రెండోదో తేలకపోతే తరువాతి మాత్రలు విను: మొదటి తిరకిట తరువాత 'తూ నా', అందులో తబలా జోడీలో ఎడమ చేతిదైన డగ్గా గుమ్మనదు. రెండోదాని తరువాత 'ధీ' గుమ్మని మోగుతుంది. చుట్టూ ఉన్న వాళ్లు సమ్ దగ్గర ఒక్కసారిగా తల ఆడిస్తారు, నీ లెక్క సరిపోయిందో లేదో అక్కడ తేలుతుంది. ఒక్కోసారి గాయకుడికే లెక్క తప్పి ముఖ్‌డా ముందే ముగుస్తుంది. అప్పుడు చివరి అక్షరాన్ని సాగదీసి సమ్ దాకా లాక్కొస్తాడు. కొన్నిచోట్ల అది కావాలని చేసిన చమత్కారం, కొన్నిచోట్ల సర్దుబాటు. రెంటికీ తేడా తబలా వాయించే ఆయన ముఖంలో కనిపిస్తుంది!

ఈ ఆవర్తాల మధ్య రాగం ఎలా పెరుగుతుందో చూడు. గాయకుడు మంద్రంలో ద, ని చూపించి షడ్జం మీద నిలబడతాడు. రెండు ఆవర్తాలు అక్కడే తిరిగినా ఆశ్చర్యపోకు. తరువాత గాంధారం, తరువాత మధ్యమం. మాల్కౌన్స్‌కు మధ్యమం వాది స్వరం, రాగానికి అదే నడుము. అక్కడ మకాం ఎక్కువ. ఆ పైన ద, ని దాటి తారషడ్జం చేరగానే అంతరా పాడతాడు. అంతరా వినపడిందంటే నెమ్మదైన భాగం ముగింపుకు వచ్చిందని గుర్తు. తరువాత తానాలు వేగంగా దొర్లుతాయి, ఎక్కువగా అకారంలోనే. మనలా సరిగమలు పలుకుతూ స్వరకల్పన చేయడం కొందరికే అలవాటు, అదీ కొద్దిసేపే. చివర్లో ఇంకో బందిశ్, వేగంగా నడిచే ద్రుత్ తీన్‌తాల్‌లో, 16 మాత్రలు. అది నీకు ఇట్టే పట్టుబడుతుంది. పదో మాత్ర నుంచి పదమూడో మాత్ర దాకా డగ్గా మూగబోతుంది, పద్నాలుగులో మళ్లీ మోగుతుంది, మరో మూడు మాత్రలకు సమ్.

స్వరాలు ఒకటే అయినా రాగం వేరుగా వినిపించేది గమకం వల్ల. హిందోళంలో గాంధారాన్నీ నిషాదాన్నీ మనం ఊపుతాం, అవి ఒకచోట ఊరికే నిలబడవు. మాల్కౌన్స్‌లో ఊపు తక్కువ, స్వరాన్ని నిటారుగా నిలిపి, అక్కడి నుంచి పక్క స్వరంలోకి నెమ్మదిగా జారతారు. దాన్ని మీండ్ అంటారు. 'గ మ గ స' అన్న చిన్న పలుకును రెండు పద్ధతుల్లోనూ పాడించి విను, సగం సందేహం అక్కడే తీరుతుంది. మన చెవికి మొదట అది చప్పగా ఉంటుంది, దాచాల్సిన పని లేదు. అవతలి వాళ్లకు మన హిందోళం ఎక్కడా కుదురుగా నిలవనట్టు వినిపిస్తుంది.

వాద్యాల సంగతి కొంచెమే చెబుతాను. తంబురా తొలి తీగ విను. మనకు అది మామూలుగా పంచమమే, ఆ తరువాత షడ్జాలు. పంచమం లేని హిందోళం పాడుతున్నా వెనక పంచమం మోగుతూనే ఉంటుంది. తరువాత కల్యాణి రావచ్చు, ఆపైన మోహన రావచ్చు, కీర్తన కీర్తనకూ తీగ మార్చుకుంటూ కూర్చుంటే కచేరీ సాగదు. వాళ్లు ఒకే రాగం మీద గంటసేపు కూర్చుంటారు కాబట్టి మాల్కౌన్స్‌కు ఆ తీగను మధ్యమానికి దించుతారు. దించకపోతే రాగంలో లేని స్వరం ఆ నిటారు మధ్యమం పక్కనే మోగుతూ గంటసేపు గాయకుణ్ని సతాయిస్తుంది. శనివారం తెర తీయగానే గమనించాల్సింది ఇదే.

పక్కవాద్యంగా వయొలిన్ బదులు హార్మోనియమో సారంగో ఉంటుంది. హార్మోనియం మెట్లు కదలవు, మీండ్ దాని మీద పలకదు, అందుకే ఆ చోట్ల మంచి వాదకుడు ఆగి స్వరం చివర మాత్రం అందుకుంటాడు. సారంగి అయితే గొంతుతో పాటు జారుతుంది. రెంటికీ మన వయొలిన్‌కు ఉన్నట్టు రాగం మొత్తం విడిగా వాయించే వంతు ఉండదు. అది వాళ్ల తక్కువతనం అనుకోకు, అక్కడి పద్ధతే అంత. మృదంగం ఎడమ మూతికి ప్రతి కచేరీ ముందూ తడిపిన బొంబాయి రవ్వ ముద్ద పెడతారు, అది ఆరితే గుమ్మదనం పోయి శబ్దం పైకి ఎక్కుతుంది. తబలా జోడీ రెంటికీ కరణి అనే నల్లని పూత శాశ్వతంగా అంటి ఉంటుంది, కాబట్టి మధ్యలో కావాల్సింది సుత్తి దెబ్బలే. పాట మధ్యలో టక్ టక్ మంటే కంగారు పడకు, శ్రుతి సరిచేస్తున్నారు.

ఇంకొకటి. మాల్కౌన్స్ నడిరేయి రాగం. రాత్రి పది దాటితే మైకులు ఆపాలన్న నిబంధన వల్ల ఇప్పుడు తొమ్మిదింటికే పాడేస్తున్నారు. మన హిందోళానికి ఈ పట్టింపు లేదు, పొద్దున పాడినా ఎవరూ ఏమీ అనరు. నడిరేయి రాగం కాబట్టి మాల్కౌన్స్‌ను కార్యక్రమంలో చివరి వైపే పెడతారు. అది రాకముందే ఆకలని లేచి రాకు, ఏదైనా తిని వెళ్లు. తబలా ఎడమ చెయ్యి కనిపించే వైపు కూర్చో.

అమ్మ ఆశీస్సులు చెప్పమంది. ఉసిరికాయ పచ్చడి కొరియర్‌లో వేశాం.

మీ నాన్న