బూడిద ఆరింది, మీ ఫైలు మాత్రం కదల్లేదు

బీమా కంపెనీ మేనేజర్ గారికి,

పద్మనాభం మండలంలో మా పొలం దగ్గర రేకుల షెడ్డు, అందులోని ధాన్యం బస్తాలతో సహా జనవరి 19 రాత్రి కాలిపోయింది. కాలినందుకు కాదు ఈ ఉత్తరం, ఆ తర్వాత మీరు ఆడించిన ఆట గురించి.

ఫోన్ చేస్తే ఒకమ్మాయి "విశాఖ బ్రాంచికి వెళ్లండి సార్" అంది. రెండు బస్సులు మారి వెళ్తే అక్కడ కుర్రాడు తల కూడా ఎత్తకుండా "ఆన్‌లైన్‌లో పెట్టండి" అన్నాడు. పెట్టాను. ఒరిజినల్ బిల్లులు కావాలని మెసేజ్ వచ్చింది. బిల్లులున్న రేకుపెట్టె ఆ షెడ్డులోనే ఉందని మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ "నోట్ చేసుకున్నాం సార్" అన్నారు, నాలుగోసారి మళ్లీ బిల్లులే అడిగారు. నోట్ చేసే పుస్తకం కూడా తగలబడిందేమో!

ఇక మీ సర్వేయరు గారు. పావుగంట ఉండి "బూడిదలో 60 బస్తాలని ఎలా నమ్మాలి?" అన్నారు. నేనిచ్చిన నష్టం రిపోర్టు చదివితే తెలిసేది. మూడెకరాల వరి ఈ-క్రాప్‌లో నమోదై ఉంది, 84 బస్తాలు పండాయి, 24 అమ్మిన రసీదు జత చేశాను. బస్తాల నెట్టు కింద గచ్చు మసిబారకుండా తెల్లగా మిగిలింది, దాని కొలతకి అడుగు వరసలో 12 బస్తాలు పడతాయి, ఎత్తు ఐదు వరసలు. ఆ ఫొటో టేపు పెట్టి మరీ తీశాను. 80 కిలోల లెక్కన 48 క్వింటాళ్లు, 2025-26 మద్దతు ధర 2,369 చొప్పున 1,13,712 రూపాయలు. అడుగున పొగచూరి ఫైరింజన్ నీళ్లకి తడిసిన 9 బస్తాలు దాణాకి అమ్మితే 6,300 వచ్చాయి, అదీ నేనే తీసేశాను. షెడ్డుకి మేస్త్రి 72,000 అన్నాడు. ఎనిమిదేళ్ల పాతది కదా అని పావు వంతు తగ్గించి 54,000 రాశాను. మొత్తం 1,61,412. ఇంత ఒళ్లు దగ్గర పెట్టుకుని లెక్క రాసినవాడు మీకు దొంగలా కనపడ్డాడా?

పైగా మంటకి కారణం రాసే దగ్గర "షార్ట్ సర్క్యూట్ అని రాసేయండి, పనైపోతుంది" అని ఫోన్‌లో సలహా. నేను చూడనిది ఎలా రాస్తాను? మొదట పొగ స్విచ్‌బోర్డు మూల నుంచి వచ్చిందని పక్క పొలం వాళ్లు చెప్పింది రాశాను, కరిగి చివర పూసకట్టిన రాగి తీగ కవర్లో పెట్టి సర్వేయరు గారికే ఇచ్చాను. ఇప్పుడది ఎక్కడుందో ఆయనకే తెలీదట!

ఏడేళ్లుగా ఒక్క రోజు ఆలస్యం లేకుండా ప్రీమియం కట్టాను, అప్పుడు మాత్రం మీవాళ్లు "అన్నయ్యా" అని ఇంటికొచ్చేవారు. నా అంకెల్లో తప్పుంటే ఏ అంకెలో తప్పో కాగితం మీద రాసివ్వండి, లేదా డబ్బులివ్వండి. నెల దాటినా జవాబు లేకపోతే హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఆఫీసుకి ఇదే ఉత్తరం, ఇవే ఫొటోలు వెళ్తాయి. ఆ తీగ పోగొట్టిన సంగతి కూడా.

ఇట్లు,
మీ పాత పాలసీదారు