పద్యపోటీ మార్కుల గురించి పద్మకు

చిరంజీవి సౌభాగ్యవతి పద్మకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. పెద్దత్తయ్యకు మోకాళ్ళ నొప్పి తగ్గింది, కాలువకు నీళ్ళు వదిలారు. నీవు ఫోను చేయలేదని వ్రాయడం లేదు. అమలాపురంలో పిల్లల పద్యపోటీకి నిన్ను న్యాయనిర్ణేతగా పిలిచారని, మీ ఆడపడుచు కూతురు కూడా అందులో చదువుతున్నదని, మొదటి బహుమతి ఎవరికో ఇప్పటికే తేలిపోయిందని రేవు దగ్గర అనుకుంటున్నారట. నేను నమ్మలేదు. అయినా మార్కుల పద్ధతిని ముందే కాగితం మీద పెట్టుకోవడం మంచిది.

పిల్లలు ఎక్కువగా ఎంచుకునేది గజేంద్రమోక్షంలోని ‘లావొక్కింతయు లేదు’ పద్యమే కనుక దానితోనే చెబుతాను. నూటికి ఉచ్చారణకు 40, ధారణకు 30, భావానికి 30 పెట్టు. ధైర్యములో ధ, ఠావులులో ఠ, మూర్ఛలో ఛ, ఇతఃపరములో విసర్గ, భద్రాత్మకాలో భ, ఇవి ముందే గుర్తు పెట్టుకుని, పలకని చోట నాలుగేసి మార్కులు తగ్గించు. ముందు పళ్ళు ఊడిన ఆరేడేళ్ళ పిల్లలకు మాత్రం శ, స ల దగ్గర తగ్గించవద్దు, అది నాలుక తప్పు కాదు.

ధారణలో తడబడి తానే సరిదిద్దుకున్న పిల్లకు ఏమీ తగ్గించకు. ఆగిపోతే ఐదు లెక్కపెట్టే వరకు ఆగి, అప్పుడు ఒక్క మాట అందించి మూడు మార్కులు తీసివేయి. పాదం మొత్తం వదిలేస్తే పది.

ఇక భావం. మన రామాలయంలో ఒక ఏడు ఒక కుర్రవాడు ‘దైర్యము’, ‘టావుల్’ అంటూనే నేలమీద పడి ఏనుగులా దొర్లి ఏడ్చాడు, జనం చప్పట్లు కొట్టారు, మొదటి బహుమతి అతనికే ఇచ్చారు. అతని తరువాత చదివిన పిల్ల చేతులు కట్టుకుని నిలబడి, మొదటి రెండు పాదాలు అలసిన గొంతుతో చెప్పి, ‘నీవే తప్ప నితఃపరం బెఱుగ’ దగ్గర తడబడి, వెనక్కు వెళ్ళి సరిదిద్దుకుని, ‘మన్నింపందగున్ దీనునిన్’ అని అర్థం తెగకుండా ఒకే ఊపిరిలో అన్నది. ‘రావే యీశ్వర’ దగ్గర ఆ గొంతు పైకి లేచింది. ఆమెకు ప్రోత్సాహక బహుమతి కూడా రాలేదు. ఈ పద్యం శార్దూలం, అందులో యతి పదమూడవ అక్షరం మీద పడుతుంది. బట్టీ పట్టిన పిల్లలు అక్కడే ఆగి ‘మ... న్నింపందగున్’ అని మాటను విరుస్తారు. అలా విరిగితే అర్థం తెలియదనే లెక్క. భావానికి మార్కులు ఊపిరి ఎక్కడ ఆగింది, గొంతు ఎక్కడ మారింది అన్న దాన్ని బట్టి వేయాలి గాని, కన్నీళ్ళకూ చేతులు ఊపడానికీ కాదు.

మళ్ళీ ఆ మాటకే వస్తున్నానని విసుక్కోకు. మీ ఆడపడుచు కూతురు చదివేటప్పుడు నీవు మార్కులు వేయవద్దు, మిగిలిన ఇద్దరి సగటునే తీసుకోమని ముందే నిర్వాహకులకు చెప్పు. ఇంట్లో చిన్నబుచ్చుకుంటారు, చిన్నబుచ్చుకోనీ. ఒక్కొక్కరు చదవగానే పక్కవారితో మాట్లాడకుండా అంకెలు వేసి కాగితం మడిచిపెట్టండి. సమానమైతే ఉచ్చారణ మార్కులు చూడండి.

హాలులో ఫంకా కింద కూర్చోకు, నీకు వెంటనే జలుబు చేస్తుంది. చంటివాడి చేత ఆత్రేయపురం పూతరేకులు పంపుతున్నాను, తడి తగలకుండా డబ్బాలో పెట్టు. అందగానే ఫోను చేయి.

ఇట్లు,
మీ నాన్న